20 బైట్ల బ్యాకప్

2024 ఏప్రిల్ నెలాఖరు. మామిడికాయ ముమ్మరంగా దిగుతున్న రోజులు. గుంటూరులో ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి అమ్మే ఒకావిడ పొద్దున్నే ఆరున్నరకు ఫోన్ చేశారు. "తమ్ముడూ, మా సైట్ రాత్రి నుంచీ తెరుచుకోవట్లేదంట. డల్లాస్‌లో ఉండే అమ్మాయి వాట్సాప్‌లో పెట్టింది, నేనిప్పుడే చూశాను" అన్నారు. ఆ సైట్ కట్టింది నేను కాదు. కట్టినతను వేరే ఊళ్లో ఉద్యోగంలో చేరిపోయాడు. హోస్టింగ్ వాళ్లకు ఫోన్ చేస్తే, సర్వర్‌లో డిస్క్ పాడైందనీ అందులో ఉన్నది ఇక తీయలేమనీ తేల్చేశారు.

ఆవిడ మాత్రం ధైర్యంగానే ఉన్నారు. "బ్యాకప్ ఉందిగా. రోజూ రాత్రి రెండింటికి దానంతటదే వేరే చోటికి వెళ్లిపోతుందని ఆ అబ్బాయి చెప్పాడు." అతను చెప్పింది అబద్ధం కాదు. క్లౌడ్ నిల్వ తెరిచి చూస్తే ఒక్క రోజు కూడా తప్పకుండా 30 రోజుల ఫైళ్లు బారులు తీరి ఉన్నాయి.

```
2024-04-24 02:00:03    20 db-0424.sql.gz
2024-04-25 02:00:04    20 db-0425.sql.gz
2024-04-26 02:00:03    20 db-0426.sql.gz
```

ఫైలు పేరుకు ముందున్న 20 అనే అంకె ఆ ఫైలు సైజు, బైట్లలో. ఆర్డర్లు, ధరలు, చిరునామాలు అన్నీ కలిపి కుదిస్తే దాదాపు 38 ఎంబీ ఉండాల్సిన డేటాబేస్ అది. gzip అనే ప్రోగ్రామ్‌కు ఏమీ ఇవ్వకుండా కుదించమంటే, ఆ ఖాళీని కూడా శ్రద్ధగా పొట్లం కట్టి ఇస్తుంది. ఆ ఖాళీ పొట్లం సరిగ్గా 20 బైట్లు ఉంటుంది. ముప్ఫై ఫైళ్లూ ఖాళీ పొట్లాలే.

ఎందుకలా అయిందో తవ్వితే చాలా చిన్న కారణం బయటపడింది. మార్చి 20న భద్రత కోసమని డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చారు. సైట్ సెట్టింగుల్లో కొత్తది పెట్టారు, బ్యాకప్ స్క్రిప్ట్‌లో పాతదే ఉండిపోయింది. ఆ రోజు నుంచి డేటాబేస్ తలుపు తీయలేదు, స్క్రిప్ట్ ఖాళీ చేతులతో వచ్చి ఖాళీ పొట్లం కట్టింది. 30 రోజులు దాటిన ఫైళ్లను చెరిపెయ్యమని కూడా దానికి చెప్పి ఉంచారు కాబట్టి, మార్చి 20కి ముందున్న మంచి ఫైళ్లను రోజుకొకటి చొప్పున అదే చెరిపేసింది. డిస్క్ పోయేనాటికి 38 రోజులైంది. చివరి మంచి ఫైలు అప్పటికి వారం కిందటే పోయింది.

స్క్రిప్ట్ ఎందుకు అరవలేదన్నది అసలు ప్రశ్న. mysqldump తీసిన డేటాను నేరుగా gzip చేతికి అందించినప్పుడు, కంప్యూటర్ ఆ గొలుసులో చివరి పని ఎలా ముగిసిందో మాత్రమే చూస్తుంది. చివరిది gzip. దానికి అప్పగించిన పని అది బాగానే చేసింది. అందుకని మొత్తానికి "విజయవంతం" అని ముద్ర పడింది. ఈ లోపానికి మందు ఒక్క వరుస:

```
set -o pipefail
mysqldump --single-transaction shop | gzip > db.sql.gz
```

మొదటి వరుస ఉంటే గొలుసులో ఎక్కడ తెగినా మొత్తం విఫలమైనట్టే లెక్క. రెండో వరుసలో --single-transaction అన్నది, బ్యాకప్ తీస్తుండగా ఆర్డర్లు వస్తున్నా, అన్నీ ఒకే క్షణంలో ఫొటో తీసినట్టు పొందికగా ఉండేలా చూస్తుంది. డేటాబేస్ పట్టికలు ఇన్నోడీబీ రకంవైతేనే అది పనిచేస్తుంది, ఈ రోజుల్లో దాదాపు అన్నీ అవే.

మేం ఆ సైట్‌ను ఎలా నిలబెట్టామో కూడా చెప్పాలి. ఫొటోల బ్యాకప్ వేరే దారిలో వెళ్లేది కాబట్టి అవి దక్కాయి. ధరలు ఆవిడ ఎక్సెల్ షీట్‌లో ఉన్నాయి. ఆర్డర్ వచ్చిన ప్రతిసారీ సైట్ ఆవిడ జీమెయిల్‌కు ఒక మెయిల్ పంపేది. ఆ మెయిళ్లను, పేమెంట్ గేట్‌వేలో ఉన్న చెల్లింపుల జాబితాను, కొరియర్ రసీదులను పక్కపక్కన పెట్టుకుని ఒక్కో ఆర్డర్‌నూ మళ్లీ రాశాం. అయిదు రోజులు పట్టింది. సీజన్లో అయిదు రోజులంటే ఏమిటో పచ్చళ్ల వాళ్లనడగాలి. కోసిన కాయ ఆగదు కదా.

ఇలాంటిది మన చిన్న సైట్లకే జరుగుతుందని అనుకోకండి. ప్రపంచమంతా ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్‌లో 2017 జనవరి 31 రాత్రి అచ్చం ఇదే జరిగింది. డేటాబేస్ నకలు సర్వర్‌ను సరిచేస్తున్న ఇంజనీరు, నకలు మీద ఇవ్వాల్సిన చెరిపివేత ఆదేశాన్ని పొరపాటున అసలు సర్వర్ మీద ఇచ్చారు. ఒకటి రెండు సెకన్లలో తేరుకుని ఆపేసరికి దాదాపు 300 జీబీలో నాలుగున్నర జీబీ మిగిలింది. బ్యాకప్ కోసం వెతికితే, అది ఉండాల్సిన చోట ఏమీ లేదు. డేటాబేస్ 9.6 వెర్షన్‌ది, బ్యాకప్ తీసే ప్రోగ్రామ్ 9.2 వెర్షన్‌ది. రెండూ కలవక రోజూ విఫలమవుతోంది. విఫలమైనట్టు మెయిళ్లు వెళ్తూనే ఉన్నాయి, కానీ వాటికి ఉండాల్సిన ధృవీకరణ లేక అందుకునే సర్వర్ వాటిని తిప్పికొడుతోంది. ఆ విషయం ఎవరికీ తెలియదు. చివరికి వాళ్లను కాపాడింది, అంతకు ఆరు గంటల ముందు అదే ఇంజనీరు వేరే పరీక్ష కోసం చేత్తో తీసుకున్న ఒక నకలు. దాన్ని వెనక్కి తెచ్చి పెట్టడానికి 18 గంటలు పట్టింది, మధ్యలోని ఆరు గంటల డేటా పోయింది. ఇదంతా వాళ్లే దాపరికం లేకుండా రాసి ప్రపంచానికి చెప్పారు. అందుకు వాళ్లంటే నాకు గౌరవం.

గుంటూరులోనూ అక్కడా తెగింది ఒకే చోట. బ్యాకప్ తీసే ఏర్పాటు ఉంది, తీయలేదన్న కబురు మనిషికి చేరే ఏర్పాటు లేదు. అందుకే ఆవిడ సైట్‌ను మళ్లీ కట్టేటప్పుడు నేను ముందు కబురు సంగతి చూశాను.

"తప్పు జరిగితే చెప్పు" అని స్క్రిప్ట్‌కు చెప్పడం సరిపోదు. సర్వరే చచ్చిపోతే తప్పు చెప్పే నోరు కూడా ఉండదు. అందుకని లెక్క తిరగేశాం. ప్రతి బ్యాకప్ తర్వాత స్క్రిప్ట్ బయట ఉన్న ఒక కాపలా సర్వీసుకు "అయింది" అని ఒక పిలుపు పంపాలి. గంటన్నరలో ఆ పిలుపు రాకపోతే, కారణం ఏదైనా సరే, కాపలా మా ఇద్దరి ఫోన్లూ మోగిస్తుంది. ఆ పిలుపు కూడా ఊరికే వెళ్లదు. ఫైలు 30 ఎంబీ కంటే పెద్దదై ఉండాలి, చివరి వరుస ఇలా ఉండాలి:

```
zcat db.sql.gz | tail -1
-- Dump completed on 2024-05-20 15:01:12
```

mysqldump తన పని పూర్తిగా ముగించినప్పుడే ఈ వరుస రాస్తుంది. డిస్క్ నిండిపోయో కనెక్షన్ తెగో మధ్యలో ఆగిపోయిన ఫైల్లో అది ఉండదు. బ్యాకప్ సగంలో తెగిందో లేదో తెలుసుకోవడానికి దీనికంటే తేలిక దారి నాకు తెలియదు.

ఎంత తరచుగా తీయాలన్నది కంప్యూటర్ వాళ్లు తేల్చే విషయం కాదు. నేను ఆవిడనే అడిగాను, ఎన్ని గంటల ఆర్డర్లు పోతే మీరు తట్టుకోగలరని. "గంటవైతే ఫోన్లు చేసి కనుక్కుంటాను. రోజంతావైతే నా వల్ల కాదు తమ్ముడూ" అన్నారు. అంతే, డేటాబేస్ బ్యాకప్ గంటకొకటి, ఫొటోలవి రోజుకొకటి అయ్యాయి. ఆ గంట ఫైళ్లు రెండు రోజులు ఉంటాయి, రోజుకొకటి చొప్పున 60 రోజులు, నెలకొకటి చొప్పున ఏడాది. అన్నీ కలిపినా అయిదు జీబీ దాటదు. 60 రోజులెందుకంటే, పాడైన సంగతి మనకు 38 రోజుల తర్వాత తెలిసింది కాబట్టి. సైట్‌లోకి ఎవరైనా దొంగతనంగా చొరబడినప్పుడు కూడా అంతే, చొరబాటు తెలిసేసరికి కొన్ని వారాలు గడుస్తాయి. అంతకు ముందునాటి శుభ్రమైన నకలు అప్పుడు కావాలి.

నకలు ఎక్కడ ఉండాలన్న దానికి 2021 మార్చి 10 చాలు. ఆ తెల్లవారుజామున ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే పెద్ద హోస్టింగ్ కంపెనీ డేటా సెంటర్ భవనం ఒకటి పూర్తిగా కాలిపోయింది. సైట్‌నూ దాని బ్యాకప్‌నూ అక్కడే ఉంచుకున్నవాళ్లకు రెండూ పోయాయి. కాబట్టి వేరే కంపెనీ, వేరే ఊరు. ఇంకొక జాగ్రత్త, సర్వర్‌కు అక్కడ కొత్త ఫైలు రాసే అధికారం మాత్రమే ఉండాలి, చెరిపే అధికారం ఉండకూడదు. సర్వర్ తాళాలు దొంగ చేతికి చిక్కితే వాడు మొదట చేసే పని బ్యాకప్ చెరపడమే. పాతవాటిని తీసేసే పని నిల్వ ఇచ్చే కంపెనీ నియమాలకే అప్పగించాం.

ఇక సైట్ మూతపడిన కబురు. ఆ రోజు డిస్క్ రాత్రి 11 గంటలకు పోయింది, ఆవిడకు తెలిసింది పొద్దున్న ఆరున్నరకు. మనకు నిద్రవేళ, డల్లాస్‌లో అప్పటికి మధ్యాహ్నం పన్నెండున్నర. ఆవిడ సైట్ కొనుగోళ్లలో ఎక్కువ భాగం మన రాత్రివేళలే, అమెరికాలో మనవాళ్లు మేలుకుని ఉండే సమయంలో. (భారీ పనులన్నీ రాత్రి రెండింటికి పెట్టడం మన దగ్గర అలవాటు. ఈ సైట్‌కు అది సంతవేళ. బరువైన ఫొటోల బ్యాకప్‌ను మధ్యాహ్నం మూడింటికి మార్చాం. న్యూజెర్సీలో అప్పటికి తెల్లవారుజామే.)

కాపలా సర్వీసు ప్రతి నిమిషం సైట్‌ను తెరిచి చూస్తుంది. చాలామంది ముఖపేజీని చూడమని పెడతారు. అది పొరపాటు. సైట్ వేగంగా రావడానికి ముఖపేజీ నకళ్లను ముందే దాచి ఉంచుతారు. వెనక డేటాబేస్ కుప్పకూలినా ఆ నకలు కొన్ని గంటలు కళకళలాడుతూ వస్తూనే ఉంటుంది. అందుకని డేటాబేస్‌లోంచి ఒక సరుకు ధర తీసి చూపించే చిన్న పేజీ ఒకటి పెట్టాం. దాన్ని దాచవద్దని చెప్పాం. ఆ పేజీ రావడమే కాదు, అందులో ఆ ధర కనబడాలి. రెండు వేర్వేరు దేశాల నుంచి, వరసగా రెండుసార్లు కనబడకపోతేనే ఫోన్ మోగుతుంది. ఒక్కసారికే మోగేలా పెడితే వారంలో దాన్ని మనుషులు పట్టించుకోవడం మానేస్తారు, అలా మానేయడం నేను చాలా చోట్ల చూశాను.

పాత ఏర్పాటులో హెచ్చరికలు ఆవిడ దుకాణం పేరు మీదున్న మెయిల్‌కు వెళ్లేవి. ఆ మెయిల్ కూడా అదే సర్వర్‌లో ఉండేది. సర్వర్ పోతే హెచ్చరిక చేరే చోటూ పోయినట్టే. ఇప్పుడు ఫోన్ కాల్ వస్తుంది, ఆవిడ ఎత్తకపోతే నాకు వస్తుంది.

ఇంకొక కాపలా నాకు చాలా ఇష్టమైనది. సీజన్లో ఆరు గంటలపాటు ఒక్క ఆర్డరూ రాకపోతే కబురు. పేజీలన్నీ బాగున్నా చెల్లింపు దగ్గర ఆగిపోతున్న రోజులుంటాయి, అలాంటివి ఇదొక్కటే పట్టుకుంటుంది.

అన్నీ అమర్చాక ఆవిడతో, "ఇప్పుడు మీ సైట్ పోయిందనుకుందాం" అన్నాను. ఉలిక్కిపడ్డారు. అసలు సైట్ జోలికి పోకుండా, ఒక ఖాళీ సర్వర్ అద్దెకు తీసుకుని, నిన్నటి బ్యాకప్‌తో దాని మీద సైట్‌ను నిలబెట్టాలి. దాన్నే రీస్టోర్ డ్రిల్ అంటారు. చేసేది నేను కాదు, వాళ్ల కోడలు. ఆర్డర్ల ప్యాకింగు, కంప్యూటర్ పని ఆ అమ్మాయే చూస్తుంది. చేతిలో నేను రాసిచ్చిన రెండు పేజీల కాగితం. నేను పక్కన గడియారం పట్టుకుని కూర్చుంటాను, నోరు విప్పను. ఆ కాగితంతో ఇంకొకరు చేయగలిగితేనే కదా అది కాగితం.

పది గంటలకు మొదలుపెట్టాం. పన్నెండు నిమిషాల్లో కొత్త సర్వర్ లేచింది. బ్యాకప్ ఫైలు దించింది, తెరవబోతే తాళం అడిగింది. వేరే కంపెనీ దగ్గర ఉంచుతున్నాం కదాని ఫైళ్లను రహస్య లిపిలోకి మార్చి పంపుతున్నాం. ఆ తాళంచెవి రెండు చోట్ల ఉంది, నా ల్యాప్‌టాప్‌లో, పోయిందనుకుంటున్న సర్వర్‌లో. నిజంగా సర్వర్ పోయి నేను ఊళ్లో లేకపోతే ఆ బ్యాకప్ ఎవరికీ పనికిరాదు. తాళంచెవి అచ్చు తీసి ఇంటి బీరువాలో, ఇంకొకటి బ్యాంకు లాకర్లో పెట్టాలని అప్పుడు రాసుకున్నాం.

డేటాబేస్‌ను లోపలికి ఎక్కించడానికి పట్టింది రెండు నిమిషాలు. సైట్ మాత్రం రాలేదు. డేటాబేస్ ఎక్కడుందో సైట్‌కు చెప్పే wp-config.php ఫైలు బ్యాకప్‌లో లేదు, ఫొటోల ఫోల్డర్ మాత్రమే వెళ్తోంది. దాన్ని చేత్తో రాశాక తెల్ల పేజీ వచ్చింది. కొత్త సర్వర్లో పీహెచ్‌పీ కొత్త వెర్షన్‌ది, సైట్‌లో ఒక పాత ప్లగిన్ దానితో పడటంలేదు. పాత వెర్షన్ వేశాక, పన్నెండుంబావుకు ఆవకాయ సీసా బొమ్మ తెర మీదికొచ్చింది. కోడలు చప్పట్లు కొట్టింది. అత్తగారు మాత్రం బొమ్మ నమ్మలేదు, నిన్న సాయంత్రం తను చూసిన చివరి ఆర్డర్ పేరు అడిగారు. సరైన ప్రశ్న అదే.

```
SELECT COUNT(*), MAX(date_created_gmt) FROM wp_wc_orders;
```

ఇది ఎన్ని ఆర్డర్లున్నాయో, చివరిది ఎప్పటిదో చెబుతుంది. గ్రీనిచ్ సమయం చూపిస్తుంది కాబట్టి అయిదున్నర గంటలు కలుపుకోవాలి. అసలు సైట్ లెక్కతో సరిపోయింది.

పరీక్ష సర్వర్‌ను చూసేటప్పుడు సైట్ పేరును దానివైపు తిప్పనక్కర్లేదు. మన కంప్యూటర్లోని hosts ఫైల్లో ఒక వరుస రాస్తే, మనకొక్కరికే అది కనిపిస్తుంది, కొనుగోలుదారులు అసలు సైట్‌లోనే ఉంటారు:

```
203.0.113.25  www.example.com
```

డ్రిల్ చేసేవాళ్లు తప్పక చేయాల్సిన పని ఒకటుంది, దాన్ని మరిచిపోయి చిక్కుల్లో పడ్డవాళ్లను నేనెరుగుదును. లేచి కూర్చున్న నకలుకు తాను నకలని తెలియదు. వాయిదాలో ఉన్న మెయిళ్లన్నీ నిజమైన కొనుగోలుదారులకు పంపేస్తుంది, కార్డుల నుంచి నిజంగానే డబ్బు లాగగలదు. కాబట్టి సైట్‌ను తెరవకముందే ఆ సర్వర్ నుంచి మెయిల్ బయటికి పోకుండా మూసేయాలి, చెల్లింపును పరీక్ష పద్ధతికి మార్చాలి. కాగితంలో ఇది పెద్ద అక్షరాల్లో ఉంది.

చివరి మెట్టు, ప్రమాదం నిజమైతే సైట్ పేరును కొత్త సర్వర్‌కు తిప్పడం. పేరు నమోదు చేసిన ఖాతా ఎవరి మెయిల్ మీద ఉందని చూస్తే, మొదట సైట్ కట్టినతని మెయిల్. ఆ రోజుకు అక్కడే ఆగిపోయాం. అతను మంచివాడు, అడగ్గానే సరేనన్నాడు. అయినా ఖాతా ఆవిడ పేరుకు మారడానికి నాలుగు రోజులు పట్టింది. పేరు మార్పు అందరికీ చేరే గడువు 86,400 సెకన్లు, అంటే ఒక రోజు అని ఉంది. దాన్ని 300కు, అంటే అయిదు నిమిషాలకు తగ్గించాం. డిస్క్ పోయాక తగ్గిస్తే లాభం లేదు, పాత గడువు తీరేదాకా ఆగాల్సిందే.

నిజమైన రోజున చేయాల్సినవి ఇంకో రెండు కాగితం చివర రాశాం. పాడైన సర్వర్ ఇంకా తెరుచుకుంటుంటే, దాని మీద ఏదీ తిరగరాయకముందే ఉన్నదున్నట్టు ఒక నకలు తీయాలి. చివరి బ్యాకప్ తర్వాత వచ్చిన ఆర్డర్లు అందులోనే ఉంటాయి. రెండోది ఆర్డర్ నంబర్లు. బ్యాకప్‌లో చివరి ఆర్డర్ 51,240 అనుకుందాం. ఆ తర్వాతి గంటలో వచ్చి పోయిన ఆర్డర్లకు 51,241 నుంచి నంబర్లు పడ్డాయి, వాళ్ల చేతికి మెయిళ్లు కూడా చేరాయి. సైట్‌ను నిలబెట్టగానే కొత్తగా కొన్నవాళ్లకు మళ్లీ అవే నంబర్లు పడతాయి. ఒకే నంబర్‌తో ఇద్దరు ఫోన్ చేస్తే ఎవరి సీసా ఎవరికి పోవాలి? అందుకని తెరిచే ముందే నంబర్లను ముందుకు దూకిస్తాం:

```
ALTER TABLE wp_posts AUTO_INCREMENT = 52000;
```

పోయిన గంట ఆర్డర్లను పేమెంట్ గేట్‌వే జాబితా, జీమెయిల్ పక్కపక్కన పెట్టి చేత్తో ఎక్కించాలి. ఆవిడ ఒప్పుకున్న గంట అదే.

మొదటి డ్రిల్‌కు, పేరు తిప్పడం కాకుండానే, రెండు గంటల యాభై నిమిషాలు పట్టింది. అందులో కంప్యూటర్ పనిచేసింది పావుగంటకు మించదు, మిగతాదంతా వెతుకులాట. ఆగస్టులో చేస్తే గంటా పది నిమిషాలు.

2025 సీజన్‌కు ముందు, జనవరిలో మూడోసారి చేశాం. నేను వెళ్లలేదు, వీడియో కాల్లో చూశాను. కోడలు కాగితం మీద వేలు పెట్టుకుంటూ చకచకా చేసుకుపోయింది. కొత్త సర్వర్ అద్దెకు తీసుకునే దగ్గర ఆగింది. ఓటీపీ అత్తగారి ఫోన్‌కు వెళ్లింది, అత్తగారు తెనాలిలో పెళ్లిలో ఉన్నారు, ఫోన్ సంచిలో ఉంది. నాలుగోసారి మోగాక ఎత్తారు, మేళాల మధ్య అంకెలు మూడుసార్లు చెప్పించుకుంది. పదిహేను నిమిషాలు పోయాయి. అయినా మొత్తం 48 నిమిషాల్లో ముగించింది. అయిపోగానే పెన్సిల్ తీసుకుని కాగితంలో మూడో వరుస పక్కన తన ఫోన్ నంబర్ రాసి, ఆ సాయంత్రమే ఖాతాలో దాన్ని రెండో నంబర్‌గా చేర్చింది.